వార్డులో గాలి ఎటు నడవాలి

ఆసుపత్రి వార్డుకు గాలి, ఏసీ ఏర్పాటు చేసేటప్పుడు ముందుగా తయారయ్యేది డక్టుల బొమ్మ కాదు, ఒక పట్టిక. ఏ గదిలో గంటకు ఎన్నిసార్లు గాలి మారాలి, అందులో బయటి నుంచి తెచ్చే తాజా గాలి ఎంత, పక్క గదితో పోలిస్తే ఇక్కడ ఒత్తిడి ఎక్కువ ఉండాలా తక్కువ ఉండాలా, వచ్చే గాలీ పోయే గాలీ ఏ ఫిల్టర్ గుండా వెళ్లాలి అన్నవి అందులో ఉంటాయి. ఉష్ణోగ్రత, తేమ కూడా ఉంటాయి గానీ వాటి వరుస చివర్లో వస్తుంది. ఇంజనీర్లు దీన్ని డిజైన్ బేసిస్ అంటారు. ఇంట్లో ఏసీ పెట్టించుకునేవాళ్లు ‘ఎన్ని టన్నులు’ అని అడుగుతారు. వార్డు విషయంలో టన్నుల లెక్క పై ప్రశ్నలన్నిటికీ జవాబులు దొరికాక గానీ తేలదు. మన దగ్గర చాలాచోట్ల ఈ క్రమం తలకిందులవుతుంది: ముందు స్ప్లిట్ ఏసీలు కొంటారు, గాలి సంగతి ఆ తర్వాత ఎప్పుడో గుర్తొస్తుంది.

గాలికి ఇంత లెక్క ఎందుకో అమెరికాలోని బాల్టిమోర్‌లో 1950ల చివర జరిగిన ప్రయోగం తేల్చింది. విలియం వెల్స్, రిచర్డ్ రైలీ అనే పరిశోధకులు అక్కడి ఒక ఆసుపత్రిలో క్షయ రోగులున్న ఆరు పడకల వార్డు నుంచి బయటికి పోయే గాలిని డక్టు ద్వారా పై అంతస్తులోని బోన్లకు పంపారు. ఆ బోన్లలో గినీ పందులున్నాయి. అవి రోగుల దగ్గరికి వెళ్లలేదు, రోగులు తాకిన వస్తువేదీ వాటికి తగల్లేదు. గాలి ఒక్కటే చేరింది. అయినా నెలకు సగటున మూడు చొప్పున వాటికి క్షయ సోకుతూ వచ్చింది. అదే గాలికి దారిలో అతినీలలోహిత కాంతి సోకేలా చేసి మరో గుంపుకు పంపితే వాటిలో ఒక్కదానికీ రాలేదు. దగ్గినప్పుడు వెలువడే తుంపర్లలో పెద్దవి మీటరు దూరంలోపే నేల మీద పడతాయి. చిన్నవి గాల్లోనే ఆరిపోయి, 1 నుంచి 5 మైక్రాన్ల రేణువులుగా మిగిలి, గంటల తరబడి తేలుతూ గాలి ఎటు పోతే అటు పోతాయి. డక్టులోకి పోతే డక్టు వెంట, నడవాలోకి పోతే నడవా వెంట. క్షయ, పొంగు, ఆటలమ్మ ఈ దారిన వ్యాపిస్తాయి. కోవిడ్ కూడా మూసి ఉన్న గదుల్లో ఇలాగే పాకుతుందని తేలింది.

కాబట్టి వార్డు గాలి లెక్కలో మూడు ప్రశ్నలుంటాయి. గదిలో చేరిన రేణువులు ఎంత త్వరగా పలుచబడాలి? అవి ఏ దిక్కుకు పోవాలి? పోయే దారిలో ఎక్కడ ఆగాలి? మొదటిదానికి గాలి మార్పులు, రెండోదానికి ఒత్తిడి తేడా, మూడోదానికి వడపోత జవాబు. ఒక సాధారణ వార్డునూ, దాని చివరనున్న ఒక ఐసొలేషన్ గదినీ తీసుకుని లెక్క వేసి చూస్తే ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడతాయో తెలుస్తుంది.

గంటలో గదిలోకి వచ్చే గాలిని గది ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేదే గాలి మార్పుల సంఖ్య. గంటకు ఆరు మార్పులంటే పది నిమిషాలకోసారి పాత గాలి మొత్తం ఖాళీ అయి కొత్తది నిండుతుందని అనుకోవడం సహజం. నిజానికి అలా జరగదు. నిండు కుండ మజ్జిగలో నీళ్లు పోస్తూ ఉంటే పొర్లిపోయేది రెండూ కలిసిన పలుచన మజ్జిగే అయినట్టు, గదిలోనూ కొత్త గాలి పాతదానితో కలిసిపోయి, ఆ కలిసిన గాలే బయటికి పోతుంది. అందుకే ఒక మార్పు పూర్తయ్యేసరికి మొదట ఉన్న రేణువుల్లో 37 శాతం ఇంకా మిగిలే ఉంటాయి. రెండు మార్పులకు 14 శాతం, మూడింటికి 5 శాతం మిగులుతాయి. నూటికి తొంభై తొమ్మిది పోవాలంటే నాలుగున్నర మార్పులకు కాస్త పైనే పడుతుంది.

దీన్ని నిమిషాల్లోకి మారిస్తే వార్డు సిబ్బందికి పనికొచ్చే లెక్క వస్తుంది. రోగి వెళ్లిపోయాక గదిలో రేణువులు నూరో వంతుకు తగ్గడానికి గంటకు రెండు మార్పులుంటే 138 నిమిషాలు, ఆరుంటే 46 నిమిషాలు, పన్నెండుంటే 23 నిమిషాలు పడుతుంది. క్షయ రోగిని పంపించాక ఆ గదిని ఊడ్చడానికి మనిషి మాస్కు లేకుండా ఎప్పుడు వెళ్లవచ్చు, కొత్త రోగిని ఎప్పుడు పెట్టవచ్చు అన్నది ఈ అంకెలే చెబుతాయి. గాలి వేగం పెంచుతూ పోతే లాభం ఎలా తగ్గుతుందో కూడా ఇందులోనే ఉంది. రెండు నుంచి ఆరుకు వెళ్తే గంటన్నర కలిసొస్తుంది. పన్నెండు నుంచి ఇరవై నాలుగుకు వెళ్తే కలిసొచ్చేది పదకొండు, పన్నెండు నిమిషాలే. ఫ్యాను ఖర్చు, కరెంటు ఖర్చు మాత్రం రెట్టింపును దాటిపోతాయి. ప్రమాణాలు పన్నెండు దగ్గర ఆగడంలో ఈ బేరీజు కనిపిస్తుంది.

అమెరికాలోని ఆష్రే సంస్థ తన 170వ ప్రమాణంలో మామూలు రోగి గదికి గంటకు మొత్తం 4 నుంచి 6 మార్పులు, అందులో కనీసం 2 బయటి గాలి ఉండాలంటుంది. గాలి ద్వారా సోకే జబ్బులున్నవారి ఐసొలేషన్ గదికి 12 కావాలి. మన దేశంలో కన్సల్టెంట్లు ఎక్కువగా పట్టుకునే అంకెలివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో కిటికీల గాలి మీద వెలువరించిన మార్గదర్శకాల్లో లెక్క వేరు. అది గదిని చూసి కాక మనిషిని చూసి లెక్కించింది: సాధారణ వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్లు, ఐసొలేషన్‌లో 160 లీటర్లు.

ఈ రెండు లెక్కల తేడా ఒక వార్డు మీద పెట్టి చూస్తే గానీ తెలియదు. వార్డు పొడవు 20 మీటర్లు, వెడల్పు 8, ఎత్తు మూడున్నర అనుకుంటే ఘనపరిమాణం 560 ఘనమీటర్లు. గంటకు ఆరు మార్పులు కావాలంటే 3,360 ఘనమీటర్ల గాలి రావాలి. అందులో రెండు మార్పులు తాజా గాలి అంటే 1,120 ఘనమీటర్లు, సెకనుకు సుమారు 311 లీటర్లు. వార్డులో ఇరవై పడకలుంటే ఒక్కో రోగికి దక్కే తాజా గాలి సెకనుకు పదిహేనున్నర లీటర్లు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అరవైలో నాలుగో వంతు. మిగతా నాలుగు మార్పులూ అదే వార్డు గాలి ఫిల్టర్ గుండా తిరిగి వచ్చినవి. ఆ ఫిల్టర్ మంచిదైతే లోటు చాలావరకు పూడుతుంది, నాసిదైతే పూడదు. అదే వార్డులో జ్వరాల కాలంలో మంచానికి ఇద్దరు, మధ్యలో నేల మీద చాపలు వేసి మొత్తం నలభై మంది ఉంటే మనిషికి దక్కేది ఏడున్నర లీటర్లకు పైన కాస్త. అప్పుడు కూడా రిజిస్టర్‌లో గాలి మార్పులు ఆరు అనే ఉంటుంది, అది అబద్ధమూ కాదు. ప్రభుత్వ ఆసుపత్రి వార్డుకు డిజైన్ బేసిస్ రాసేటప్పుడు పడకల సంఖ్య బదులు అక్కడ నిజంగా ఉండబోయే మనుషుల సంఖ్య రాయడం అందుకే మేలు. రోగి వెంట వచ్చే అటెండెంటు కూడా గాలి పీలుస్తాడు కదా.

గాలి బాగా కలుస్తుందన్న నమ్మకం మీదే పై లెక్కలన్నీ నిలబడ్డాయి. సీలింగ్‌లో గాలి వచ్చే గ్రిల్లూ పోయే గ్రిల్లూ పక్కపక్కన పెడితే వచ్చిన గాలి మంచం దాకా దిగకుండానే బయటి దారి పడుతుంది. కొలిచి చూస్తే పన్నెండు మార్పులు ఉంటాయి, రోగి చుట్టూ గాలి మాత్రం కదలదు. ఐసొలేషన్ గదిలో స్వచ్ఛమైన గాలి తలుపు వైపు, అంటే నర్సు నిలబడే వైపు దిగి, రోగి మీదుగా సాగి, మంచం తల దగ్గర గోడకు కింది భాగంలో ఉన్న ఎగ్జాస్ట్ గ్రిల్లు గుండా పోవాలి. ఆ గ్రిల్లుకు అడ్డంగా బీరువానో ఆక్సిజన్ సిలిండరో పెట్టడం మామూలుగా కనిపించే తప్పు.

ఇక ఒత్తిడి. గాలి ఎప్పుడూ ఒత్తిడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుంది. ఐసొలేషన్ గదిలోంచి తీసే గాలి లోపలికి పంపే గాలి కన్నా ఎక్కువుంటే ఆ లోటును పూడ్చడానికి తలుపు సందుల గుండా నడవా గాలి లోపలికి వస్తుంది. లోపలి గాలి బయటికి రాదు. దీన్నే నెగెటివ్ ప్రెషర్ అంటారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ కోరే కనీస తేడా 2.5 పాస్కల్‌లు. ఇది వాతావరణ పీడనంలో నలభై వేలో వంతు, నీటి మట్టంలో చెబితే పావు మిల్లీమీటరు. ఇంత చిన్న తేడా కాబట్టే అది నిలబడటం కష్టం.

గది 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు ఉంటే 60 ఘనమీటర్లు. పన్నెండు మార్పులకు గంటకు 720 ఘనమీటర్లు, సెకనుకు సరిగ్గా 200 లీటర్లు బయటికి తీయాలి. ఒకే రోగి కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగే 160 కూడా ఇందులో అందుతుంది. లోపలికి పంపేది ఇంతకన్నా తక్కువుండాలి. ఎంత తక్కువ అన్నది సందులు చెబుతాయి. తలుపు వెడల్పు 1.2 మీటర్లు, ఎత్తు 2.1. కింద సెంటీమీటరు సందు, మిగతా మూడు వైపులా రెండు మిల్లీమీటర్లు అనుకుంటే మొత్తం సందు సుమారు 0.023 చదరపు మీటర్లు, అంటే అరచేయి వెడల్పుతో ఒక జానెడు పొడవు. సందు గుండా పోయే గాలికి వాడుకలో ఉన్న సూత్రం ఇది:

Q = 0.83 × A × √ΔP

ఇక్కడ Q సెకనుకు ఘనమీటర్లలో గాలి, A చదరపు మీటర్లలో సందు, ΔP పాస్కల్‌లలో తేడా. 2.5 పాస్కల్‌ల దగ్గర ఆ తలుపు సందు గుండా సెకనుకు 30 లీటర్లు, గంటకు 108 ఘనమీటర్లు వస్తాయి. కాబట్టి లోపలికి పంపాల్సింది 720లోంచి 108 తీసేయగా మిగిలిన 612. తీసేదానికీ పంపేదానికీ తేడా పదిహేను శాతం. కనీసం పది శాతమైనా ఉండాలన్న సీడీసీ షరతు ఇందులో ఇమిడిపోతుంది.

కాగితం మీద ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు ఆ గదికి టైళ్లు పరిచిన ఫాల్స్ సీలింగ్ వేశారనుకోవాలి. టైళ్ల అంచుల్లో, లైట్ల చుట్టూ, కేబుళ్లు దిగే రంధ్రాల్లో అన్నీ కలిపి 0.05 చదరపు మీటర్ల సందు ఏర్పడితే మొత్తం సందు మూడింతలు దాటుతుంది. తేడా గాలి మాత్రం అదే 30 లీటర్లు. సూత్రంలో ఒత్తిడి వర్గమూలంలో ఉంది కనుక సందు మూడింతలైతే ఒత్తిడి తొమ్మిదో పదో వంతుకు పడిపోతుంది. లెక్క వేస్తే మిగిలేది పావు పాస్కల్. ఫ్యాను బాగానే తిరుగుతుంటుంది, డక్టుల్లో గాలి లెక్క ప్రకారమే పోతుంటుంది, గదికి మాత్రం నెగెటివ్ ప్రెషర్ ఉండదు. కొత్త ఐసొలేషన్ గది పరీక్షలో తప్పితే చాలాసార్లు ఫ్యాను మార్చే ఆలోచన చేస్తారు. మార్చాల్సింది సీలింగ్. జిప్సం బోర్డుతో అతుకులు లేకుండా కట్టి, పైపులు దూరే చోట్ల సీలెంట్ పూస్తే అదే ఫ్యానుతో ఒత్తిడి వస్తుంది. తలుపు కింద సందును మాత్రం మూసేయకూడదు. గాలి రావాల్సిన దారి అదే.

తలుపు తెరిచిన క్షణం ఈ ఏర్పాటంతా ఆగిపోతుంది. రెండున్నర చదరపు మీటర్ల తలుపు గుండా 30 లీటర్ల గాలి వస్తే దాని వేగం సెకనుకు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ, మనిషి నడకకే చెదిరిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఉష్ణోగ్రతది. గదికీ నడవాకూ రెండు డిగ్రీల తేడా ఉన్నా చల్లని బరువైన గాలి కింది భాగం నుంచి ఒక వైపుకు, వెచ్చనిది పై భాగం నుంచి రెండో వైపుకు జారుతుంది. ఆ తలుపుకు లెక్క వేస్తే అటూ ఇటూ సెకనుకు 190 లీటర్ల చొప్పున మారకం జరుగుతుంది. లోపలికి లాగే 30 లీటర్లు దానికి ఆరో వంతు. ఒత్తిడిని ఎంత పెంచినా ఇది తీరదు. దీనికి మందు రెండో తలుపు. గదికీ నడవాకూ మధ్య చిన్న ముందుగది కట్టి, ఒక తలుపు మూసుకున్నాకే రెండోది తెరవాలి. చేతులు కడుక్కోవడం, గౌను వేసుకోవడం అక్కడే జరుగుతుంది కాబట్టి ఆ స్థలం వృథా కాదు. స్థలం లేనిచోట తలుపును తనంతట తాను మూసుకునేలా చేసి, గది ఉష్ణోగ్రతను నడవాకు దగ్గరగా ఉంచడం రెండో దారి.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కు కోరే గది కూడా ఒకటుంది. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారికి జబ్బు బయటి నుంచే వస్తుంది, ముఖ్యంగా ఆస్పెర్జిల్లస్ అనే బూజు రేణువులతో. ఆసుపత్రి ఆవరణలో పాత గోడ కూల్చినా, కొత్త బ్లాకు కడుతున్నా ఆ దుమ్ములో ఇవి ఉంటాయి. అలాంటి రోగి గదిలో ఒత్తిడి నడవా కన్నా ఎక్కువుండాలి, వచ్చే గాలి హెపా ఫిల్టర్ గుండా రావాలి. ఒకే గదికి స్విచ్ పెట్టి అవసరాన్ని బట్టి పాజిటివ్, నెగెటివ్ మార్చుకోవచ్చన్న ఆలోచన యాజమాన్యాలకు ఆకర్షణీయంగా ఉంటుంది గానీ ప్రమాణాలు ఒప్పుకోవు. స్విచ్ తప్పు వైపున్న రాత్రి ఎవరూ గమనించకపోవచ్చు.

వడపోత దగ్గరికి వస్తే, ఫిల్టర్ జల్లెడలా పనిచేస్తుందన్నది సగం నిజమే. హెపా ఫిల్టర్‌లో సన్నని గాజు పోగులు చిక్కుపడి ఉంటాయి. పోగుల మధ్య ఖాళీలు చాలా రేణువుల కన్నా పెద్దవే. మైక్రాను కన్నా పెద్ద రేణువులు బరువు వల్ల గాలితోపాటు మలుపు తిరగలేక పోగులకు కొట్టుకుంటాయి. మైక్రానులో పదో వంతు కన్నా చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగుతూ పోయి పోగులకు అంటుకుంటాయి. పెద్దవీ చిన్నవీ కూడా ఇలా తేలిగ్గా చిక్కుతాయి. తప్పించుకునే అవకాశం మధ్యలో, 0.3 మైక్రాన్ల దగ్గర ఉన్నవాటికే కాస్త ఎక్కువ. హెపాకు 99.97 శాతం అన్న అంకెను ఆ సైజు దగ్గర చెప్పడం అందుకే. క్షయ రేణువులు, బూజు రేణువులు అంతకన్నా పెద్దవి, ఇంకా బాగా ఆగుతాయి. వైరస్ ఒక్కటే చూస్తే 0.1 మైక్రాను ఉండవచ్చు గానీ అది ఒంటరిగా తిరగదు, ఆరిన తుంపరలో ఇమిడి వస్తుంది.

ఆ 99.97 ఫిల్టర్‌ది. బిగించాక వచ్చే ఫలితం అదే కావాలని లేదు. చట్రానికీ ఫిల్టర్‌కూ మధ్య గ్యాస్కెట్ సరిగా కూర్చోక నూటికి ఒక వంతు గాలి పక్కనుంచి జారిపోయిందనుకుంటే, దాటేసే రేణువులు పదివేలకు మూడు నుంచి పదివేలకు నూట మూడుకు చేరతాయి, ముప్పై రెట్లకు పైమాటే. అందుకే హెపాను బిగించిన తర్వాత అక్కడికక్కడే అంచుల వెంట సన్నని పొగమంచులాంటి ఏరోసాల్‌ను పంపి లీకేజీ పరీక్ష చేస్తారు. డబ్బా మీది సర్టిఫికెట్ దానికి బదులు కాదు. సాధారణ వార్డుకు హెపా అక్కర్లేదు. దుమ్మును ఆపే ప్రీ ఫిల్టర్, దాని వెనుక సన్నని రేణువుల్లో ఎక్కువ భాగాన్ని పట్టే ఫైన్ ఫిల్టర్ చాలు. స్ప్లిట్ ఏసీలోని ప్లాస్టిక్ జాలీ ఈ రెండింటిలో ఏదీ కాదు. అది దూదినీ వెంట్రుకలనూ ఆపుతుంది. మూసిన గదిలో స్ప్లిట్ ఏసీ చేసేది అక్కడి గాలినే చల్లబరిచి మళ్లీ అక్కడే వదలడం. తలుపు, కిటికీ సందుల్లో వచ్చేది తప్ప తాజా గాలి సున్నా. పది మంది దగ్గే వార్డుకు స్ప్లిట్ ఏసీలు పెట్టి కిటికీలు బిగించడం వల్ల వార్డు ఏసీ లేనప్పటి కన్నా ప్రమాదకరమవుతుంది.

ఫిల్టర్లు మురికి పట్టే కొద్దీ గాలికి అడ్డు పెరుగుతుంది. కొత్త హెపాలో గాలి దాటడానికి 250 పాస్కల్‌ల ఒత్తిడి చాలితే, 500 దగ్గరికి వచ్చేసరికి మార్చే వేళ అయిందని లెక్క. ఈ అడ్డు ఏ ఫిల్టర్‌లో పెరిగిందన్నదాన్ని బట్టి ఐసొలేషన్ గది పరిస్థితి రెండు విధాలుగా మారుతుంది. లోపలికి పంపే వైపు ఫిల్టర్ మూసుకుపోతే వచ్చే గాలి తగ్గి గది ఇంకా నెగెటివ్ అవుతుంది. పలుచబడటం నెమ్మదిస్తుంది గానీ దిక్కు మారదు. తీసే వైపు హెపా మూసుకుపోతే మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. పై గదిలోనే ఎగ్జాస్ట్ 720 నుంచి నెలల తరబడి మెల్లగా తగ్గి 600కు వచ్చిందనుకుంటే, లోపలికి వచ్చే 612 కన్నా అది తక్కువ. గది పాజిటివ్ అవుతుంది, రోగి దగ్గు నడవాలోకి సాగుతుంది. ఏ ఫ్యానూ ఆగలేదు, ఏ అలారమూ మోగలేదు. కాబట్టి డిజైన్ బేసిస్‌లో ఎగ్జాస్ట్ ఫ్యానును మురికి పట్టిన ఫిల్టర్ లెక్కతో ఎంచుకోవాలనీ, ఫిల్టర్ అడ్డు పెరిగే కొద్దీ ఫ్యాను వేగాన్ని పెంచే డ్రైవ్ ఉండాలనీ రాస్తారు. ఎగ్జాస్ట్ ఆగితే సప్లై కూడా ఆగాలి. కరెంటు పోతే జనరేటర్ మీదికి ముందు రావాల్సింది ఎగ్జాస్టే.

హెపా ఉన్నా లేకున్నా బయటికి వదిలే గొట్టం ఎక్కడ తెరుచుకోవాలన్నది మరో వరుస. కిటికీలకూ, ఏహెచ్‌యూ గాలి పీల్చే నోటికీ కనీసం ఏడున్నర మీటర్ల దూరంలో, మేడ పైకి వదలడం వాడుక. రెండు బ్లాకుల మధ్య ఇరుకు సందులోకి వదిలితే పక్క వార్డు దాన్నే పీలుస్తుంది.

ఇన్ని తేలాకే టన్నుల లెక్క. ఐసొలేషన్ గది గాలిని తిరిగి వాడరు, కాబట్టి ఆ 612 ఘనమీటర్లూ బయటి నుంచే తెచ్చి చల్లబరచాలి. కోస్తాలో మే నెల ఉక్కను లెక్కలోకి తీసుకుని బయట 35 డిగ్రీలు, తడి బల్బు 28, లోపల 24 డిగ్రీలు, 55 శాతం తేమ అనుకుంటే, ఆ గాలిని గది స్థితికి తేవడానికే సుమారు 8 కిలోవాట్లు, అంటే రెండున్నర టన్నులకు కాస్త తక్కువ కావాలి. గోడల వేడి, మనుషుల వేడి దీనికి అదనం. ఇరవై చదరపు మీటర్ల గదికి ఒకటిన్నర టన్ను చాలునన్న ఇంటి లెక్కతో వెళ్తే ఇక్కడే దెబ్బ తింటారు. ఆ ఎనిమిది కిలోవాట్లలో ఎక్కువ భాగం వేడికి కాదు, తేమకు. చల్లని కాయిల్ మీద గంటకు ఎనిమిది తొమ్మిది లీటర్ల నీరు దిగుతుంది. ఆ నీరు కాయిల్ కింద ట్రేలో నిలిస్తే పాచి పడుతుంది, అక్కడి బూజు వార్డుకే తిరిగి వస్తుంది. ట్రే నుంచి పోయే పైపుకు నీటి ముద్ర ఉండే వంపు లేకపోతే ఫ్యాను పీల్పుకు నీరు దిగకుండా ట్రేలోనే నిలుస్తుంది. చిన్న పైపు ముక్క, ఎక్కువగా మరిచిపోయేది అదే.

ఇంత ఖర్చు భరించలేని చోట ఏం చేయాలన్న ప్రశ్నకు పెరూ రాజధాని లీమాలో జరిగి 2007లో వెలువడిన అధ్యయనం ఒక జవాబు. అక్కడి ఎనిమిది ఆసుపత్రుల్లో డెబ్బై గదుల్లో గాలి కొలిస్తే, తలుపులూ కిటికీలూ తెరిచినప్పుడు మధ్యస్థంగా గంటకు 28 మార్పులు వచ్చాయి. యంత్రాల గదులకు పెట్టుకున్న లక్ష్యం పన్నెండే. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలతో యాభై ఏళ్లకు ముందు కట్టిన వాటిలో 40, కొత్త గదుల్లో 17. విన్సెంట్ ఎష్ రూపకల్పనలో 1925 నాటికి పూర్తయిన హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం లాంటివి ఆ మొదటి కోవకు చెందిన కట్టడాలు. 2010లో కేంద్ర ఆరోగ్య శాఖ వెలువరించిన వాయు సంక్రమణ నియంత్రణ మార్గదర్శకాలు కూడా మన వార్డులకు ఎదురెదురు కిటికీలనే మొదటి దారిగా చూస్తాయి. అయితే కిటికీ గాలికి దిక్కు మన చేతిలో ఉండదు. గాలి స్తంభించిన సాయంత్రం మార్పులు పడిపోతాయి, దోమల జాలీ కొంత తగ్గిస్తుంది, డిసెంబరు రాత్రి రోగులే కిటికీలు మూస్తారు, ఎదురుగాలి వీచిన రోజు వార్డు గాలి నడవాలోకి పోతుంది. సాధారణ వార్డుకు ఇది సరిపడే బేరం. మందులకు లొంగని క్షయ ఉన్న రోగి గదికి సరిపోదు. అక్కడ కిటికీలకు తోడు బయటి గోడకు ఎగ్జాస్ట్ ఫ్యానైనా పెట్టి, గాలి నడవా నుంచి గదిలోకి, గది నుంచి బయటికి సాగేలా చూడాలి. ఫ్యాను పక్కనే కిటికీ తెరిచి ఉంటే అది ఆ కిటికీ గాలినే లాగి బయటికి తోస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

గది సిద్ధమయ్యాక కొలతలు మూడు. గ్రిల్లుల దగ్గర గాలి ప్రవాహాన్ని కొలిచే పరికరం పెట్టి వచ్చేదీ పోయేదీ రాసుకుంటారు. తలుపు పక్కన గోడకు మాగ్నహెలిక్ గేజ్ బిగిస్తారు, గదిలో ఒత్తిడి ఎంత తక్కువుందో దాని ముల్లు చూపిస్తుంది. తలుపు మూసి, కింది సందు దగ్గర పొగ గొట్టాన్ని పట్టుకుని పొగ ఎటు వంగుతుందో చూస్తారు. పొగ గొట్టం లేకపోతే అగరువత్తి కూడా పనికొస్తుంది. పొగ లోపలికి వంగితే నెగెటివ్, బయటికి వంగితే కాదు. గేజ్ గొట్టంలో చెమ్మ చేరితే ముల్లు ఒకేచోట ఇరుక్కుని రోజుల తరబడి సరైన అంకెనే చూపిస్తూ ఉండవచ్చు. అందుకే రోగి ఆ గదిలో ఉన్నన్ని రోజులూ రోజుకోసారి పొగతోనే చూడాలని సీడీసీ మార్గదర్శకాలు చెబుతాయి. నర్సు రిజిస్టర్‌లో దానికొక గడి ఉంటుంది: తేదీ, వేళ, గేజ్ అంకె, పొగ ఎటు వంగింది, చూసినవారి సంతకం.